ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నమోదు: డైరెక్టర్ గుర్తింపు, పేరు ఆమోదం, స్థాపన పత్రాలు

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అంటే వాటాల బదిలీపై ఆంక్షలు పెట్టుకున్నది, సభ్యుల సంఖ్యను 200కు పరిమితం చేసుకున్నది, తన వాటాలు కొనమని ప్రజలను పిలవడానికి వీల్లేనిది. కంపెనీల చట్టం, 2013 దీన్ని ఇలాగే నిర్వచించింది. స్థాపించడానికి కనీసం ఇద్దరు సభ్యులు, ఇద్దరు డైరెక్టర్లు కావాలి. ఆ ఇద్దరే రెండు పాత్రలూ పోషించవచ్చు. నమోదు దరఖాస్తు 2020 ఫిబ్రవరి నుంచి SPICe+ అనే ఆన్‌లైన్ ఫారంలో సాగుతోంది. సూర్యాపేట నుంచి పెట్టినా ముంబయి నుంచి పెట్టినా దాన్ని పరిశీలించేది హర్యానాలోని మానేసర్‌లో ఉన్న కేంద్ర నమోదు కేంద్రమే. తెలంగాణలోని కంపెనీ ఏర్పడ్డాక ఏటా పత్రాలు దాఖలు చేయాల్సింది మాత్రం హైదరాబాద్‌లోని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర. దరఖాస్తులో తేలాల్సిన విషయాలు మూడు: ఈ కంపెనీని నడిపేది ఎవరు, దాని పేరేమిటి, అది ఏ నియమాల ప్రకారం నడుస్తుంది. మొదటి రెండింటిలో తప్పుంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది కాబట్టి అందరూ వాటి మీదే శ్రద్ధ పెడతారు. మూడోదాంట్లో తప్పున్నా సర్టిఫికెట్ వచ్చేస్తుంది, ఆ తప్పు పదేళ్ల తర్వాత కుటుంబాల మధ్య బయటపడుతుంది. అందుకే మూడింటిలోకీ ఎక్కువ సమయం పెట్టాల్సింది ఆ నియమాలు రాసుకునే ఆర్టికల్స్ మీద అన్నది ఈ వ్యాసం వాదన.

ఈ వాదనకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు సరైన నేపథ్యం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండే ధాన్యం మిర్యాలగూడ చుట్టూ ఉన్న మిల్లులకు చేరి ఉప్పుడు బియ్యంగా, పచ్చి బియ్యంగా బయటికి వెళ్తుంది. మట్టపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి మీద సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. సూర్యాపేట దగ్గర మందుల ముడిసరుకు తయారయ్యే ప్లాంటు ఉంది. సిమెంటు, మందుల సంస్థలు పెద్ద కంపెనీలు. వాటికి సొంత న్యాయ విభాగాలు ఉంటాయి, రిజిస్టర్డ్ ఆఫీసులు చాలావరకు హైదరాబాద్‌లోనే ఉంటాయి. రైస్ మిల్లుల సంగతి వేరు. ఇద్దరు ముగ్గురు భాగస్వాములు, తరచుగా బావామరుదులో వియ్యంకులో చిన్ననాటి స్నేహితులో, డబ్బు కలిపి ఒక ఫర్ముగా మొదలుపెట్టే వ్యాపారమది. లెక్కలు రాతలో ఉంటాయి, హక్కులు మాటలో ఉంటాయి. బ్యాంకు అప్పు పెరిగినప్పుడో, కొత్తగా పెట్టుబడి పెట్టేవారు వచ్చినప్పుడో, తమ సొంత ఆస్తుల దాకా బాధ్యత రాకూడదనుకున్నప్పుడో వీళ్లు కంపెనీ వైపు చూస్తారు. ఫర్ములో మాట చెల్లినట్టు కంపెనీలో చెల్లదన్న సంగతి ఆ సమయంలో వాళ్లకు ఎవరూ చెప్పకపోవచ్చు.

ముందు డైరెక్టర్ గుర్తింపు. ప్రతి డైరెక్టరుకూ ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య ఉండాలి. దీన్నే అందరూ డిన్ అంటారు. ఇది మనిషికి ఒక్కటే, జీవితాంతం అదే; ఎన్ని కంపెనీల్లో చేరినా మారదు. రెండోది తీసుకోవడాన్ని చట్టంలోని 155వ సెక్షన్ నిషేధించింది. కొత్తగా డిన్ కావాల్సినవారు ముగ్గురి దాకా ఉంటే SPICe+ లోనే అడగవచ్చు, విడిగా దరఖాస్తు అక్కర్లేదు. పాన్, ఆధార్, రెండు నెలలకు మించి పాతది కాని చిరునామా రుజువు, ఫోటో, క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్ ఉంటే సరిపోతుంది. చూడటానికి చిన్న పనే. మన జిల్లాల్లో ఇది ఆగిపోయేది పేర్ల దగ్గర. ఆధార్‌లో చాలామందికి ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ముందో వెనకో ఉంటుంది. పాన్ దరఖాస్తులో ఇంటిపేరు పూర్తిగా రాయాలి. ఫారం పేరును పాన్ వివరాలతో పోల్చి చూస్తుంది. డిజిటల్ సిగ్నేచర్ ఆధార్‌లోని పేరుతో తీసుకుని, ఫారంలో పాన్ పేరు రాస్తే రెండూ కలవవు. పెళ్లయిన మహిళను డైరెక్టరుగా పెట్టినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు ఉంటాయి. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, భర్త పేరు ఉంటాయి. ఫారం అడిగేది తండ్రి పేరు. కాబట్టి దరఖాస్తు మొదలుపెట్టకముందే పాన్‌ను ఆధారంగా తీసుకుని మిగతా పత్రాలన్నిటినీ దానికి సరిచేసుకోవడం తెలివైన పని. ఆధార్‌లో పేరు సరిచేయించడానికి పట్టే రోజులు ముందుగా లెక్కేసుకోకపోతే, మిగతా అంతా సిద్ధమైనా ఈ ఒక్క కాగితం కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

గుర్తింపులో పేరుకన్నా పెద్ద విషయం గతం. డిన్ ఉన్న మనిషి ఇంతకుముందు ఏ కంపెనీలో డైరెక్టరుగా ఉన్నాడో, ఆ కంపెనీ ఏటా లెక్కలు దాఖలు చేసిందో లేదో ఆ సంఖ్యే చెబుతుంది. ఒక కంపెనీ వరసగా మూడు ఆర్థిక సంవత్సరాలు ఆర్థిక నివేదికలు గానీ వార్షిక రిటర్నులు గానీ దాఖలు చేయకపోతే, 164వ సెక్షన్ ప్రకారం దాని డైరెక్టర్లు అయిదేళ్లు అనర్హులవుతారు. 2017లో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2 లక్షలకు పైగా కంపెనీలను రిజిస్టరు నుంచి కొట్టేసి, 3 లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. సంతకం పెడితే చాలని బంధువు చెబితే ఏదో కంపెనీలో పేరుకు డైరెక్టరుగా చేరినవారు దేశమంతటా అప్పుడు చిక్కుకున్నారు. మిల్లు కంపెనీ పెట్టేటప్పుడు ఇంట్లో భార్యనో కోడలినో రెండో డైరెక్టరుగా రాసుకోవడం మామూలే. చట్టం దృష్టిలో ఆమె నామమాత్రపు డైరెక్టర్ కాదు, పూర్తి డైరెక్టరే. కంపెనీ రిటర్నులు ఆగిపోతే ఆ అనర్హత ఆమెకూ వస్తుంది, రేపు ఆమె సొంతంగా పెట్టుకునే సంస్థకూ అడ్డం పడుతుంది. అందుకే మొదటి డైరెక్టర్లను నిర్ణయించేముందు ప్రతి ఒక్కరి పాన్ మీద పాత డిన్ ఏదైనా ఉందా, ఉంటే అది చెల్లుబాటులో ఉందా, కేవైసీ లేక నిలిచిపోయిందా అని చూడాలి.

కోదాడ, సూర్యాపేటల్లో అమెరికా సంపాదన కూడా పెట్టుబడిలోకి వస్తుంది కనుక ఇంకో మాట చెప్పాలి. డైరెక్టర్లలో కనీసం ఒకరు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులైనా భారత్‌లో ఉన్నవారై ఉండాలి. కొత్త కంపెనీకి మొదటి ఏడాది ఆ రోజులను దామాషా ప్రకారం లెక్కిస్తారు. విదేశంలో ఉన్న కొడుకు వాటాదారుగా చేరితే అతని సంతకం అక్కడి నోటరీ ముందు జరగాలి, అమెరికా వంటి హేగ్ ఒప్పంద దేశాల్లో అయితే ఆ కాగితానికి అపోస్టిల్ ముద్ర కూడా పడాలి. ఆ ముద్రకు వారాలు పట్టవచ్చు. ఆ సంగతి ఈ వ్యాసం చివర మళ్లీ అక్కరకొస్తుంది.

ఇక పేరు. SPICe+ మొదటి భాగంలో వెయ్యి రూపాయల రుసుముతో రెండు పేర్లు సూచించవచ్చు. ఆమోదం వస్తే ఆ పేరు 20 రోజులు మనకోసం నిలుస్తుంది, అదనపు రుసుము కడితే మొత్తం 60 రోజుల దాకా పొడిగించుకోవచ్చు. ఈ ప్రాంతపు మిల్లర్లకు ఇక్కడ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. మిల్లుల పేర్లు చాలావరకు దేవుళ్లవి. శ్రీ వెంకటేశ్వర, శ్రీ లక్ష్మి, సాయి, ఆంజనేయ. ఫర్ముగా ఉన్నన్నాళ్లూ ఒకే పట్టణంలో అదే పేరుతో ఇద్దరున్నా ఊరి పేరో యజమాని పేరో చెప్పి గుర్తుపట్టేవారు. కంపెనీ రిజిస్టరు మాత్రం దేశమంతటికీ ఒక్కటే. నమోదు నియమాల్లోని 8వ నియమాన్ని 2019 మేలో తిరగరాశారు. ఉన్న పేరుకు బహువచనం చేర్చినా, విరామ చిహ్నం పెట్టినా, స్పెల్లింగు మార్చినా, మాటల వరస తిప్పినా, అంకె తగిలించినా అది పాత పేరుతో పోలిన పేరే అంటుంది ఆ నియమం. పాత పేరులో ఊరు లేకపోతే, దానికి ఒక ఊరి పేరు చేర్చినంత మాత్రాన కొత్త పేరు కాదని కూడా అందులోనే ఉంది. కాబట్టి శ్రీ వెంకటేశ్వర ఆగ్రో ప్రైవేట్ లిమిటెడ్ అని ఎక్కడో ఒకటి ఉంటే, మనం దానికి మిర్యాలగూడ అని చేర్చుకున్నా ప్రయోజనం లేదు. మిల్లరు సహజంగా చేసే మొదటి ప్రయత్నం అదే, దరఖాస్తు తిరిగి రావడానికి కారణమూ అదే. ఆ పాత కంపెనీ తన బోర్డు తీర్మానంతో అభ్యంతరం లేదని రాసిస్తే తప్ప దారి లేదు. ఒకే కుటుంబానికి చెందిన రెండు కంపెనీలు ఒకే తొలి మాటతో నడిచేది ఇలాంటి అంగీకారాలతోనే.

పేరులో అసలు గుర్తుపట్టదగ్గ మాట ఒకటుండాలి. ఇంటిపేరు కావచ్చు, రెండు పేర్ల తొలి అక్షరాలు కలిపి పుట్టించిన మాట కావచ్చు, పొలానికీ కాలువకూ చెందిన తెలుగు మాట కావచ్చు. దాని అర్థమేమిటో, ఎందుకు ఎంచుకున్నారో దరఖాస్తులో చెప్పుకోవచ్చు. కంపెనీల రిజిస్టరులో లేదు కదా అని ఊరుకోకూడదు. ట్రేడ్‌మార్కుల రిజిస్టరు కూడా చూడాలి. బియ్యం 30వ తరగతిలోకి వస్తుంది. బస్తా మీద ముద్రించే బ్రాండు పేరు ఎవరో నమోదు చేసుకుని ఉంటే, లేదా దరఖాస్తు పెట్టి ఉన్నా సరే, అదే మాటతో కంపెనీ పేరు అడగడం ప్రమాదం. పేరు పొరపాటున ఆమోదం పొందినా ముప్పు పోదు. ట్రేడ్‌మార్కు యజమాని మూడేళ్లలోగా ఫిర్యాదు చేస్తే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ప్రాంతీయ డైరెక్టరు పేరు మార్చమని ఆదేశించవచ్చు. మార్చకపోతే కంపెనీకి ORDNC అనే అక్షరాలు, సంవత్సరం, వరస సంఖ్యలతో ఒక పేరును ప్రభుత్వమే తగిలించే నియమం 2021 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఆ అక్షరాలకు అర్థం ప్రాంతీయ డైరెక్టరు ఆదేశం పాటించలేదని. బ్యాంకుకూ ఎగుమతి కొనుగోలుదారుకూ ఇచ్చే ప్రతి కాగితం మీదా ఆ పేరే ఉండాలి.

పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు కదా, ఇంత ఆలోచన ఎందుకు అనే అభ్యంతరంలో కొంత నిజముంది. సూర్యాపేట దగ్గర ప్లాంటు ఉన్న సువెన్ ఫార్మాస్యూటికల్స్ 2025లో కోహాన్స్ లైఫ్‌సైన్సెస్‌గా మారింది. కంపెనీ మాత్రం అదే. పేరు మార్పు కంపెనీ అస్తిత్వాన్ని తాకదు. పేరు విషయంలో తప్పు జరిగితే దిద్దుబాటుకు ఖర్చవుతుంది, ఇబ్బంది అవుతుంది, అంతే. ఆర్టికల్స్‌లో తప్పుకు దిద్దుబాటు ఒక్కోసారి అసాధ్యమవుతుంది. నేను పేరుకన్నా వాటికి ఎక్కువ బరువు ఇవ్వడానికి కారణం ఇదే.

స్థాపన పత్రాలు రెండు. మెమొరాండం బయటి ప్రపంచానికి కంపెనీ ఏమిటో చెబుతుంది. ఆర్టికల్స్ లోపలి మనుషుల మధ్య కంపెనీ ఎలా నడుస్తుందో చెబుతాయి. మెమొరాండంలో పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న రాష్ట్రం, ఉద్దేశాలు, సభ్యుల బాధ్యత, మూలధనం, తొలి వాటాదారుల సంతకాలు ఉంటాయి. రాష్ట్రం పేరు మాత్రమే రాయాలి కనుక మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు ఆఫీసు మార్చడానికి ప్రత్యేక తీర్మానం చాలు, మెమొరాండం ముట్టుకోనక్కర్లేదు. కోదాడ వాళ్లకు మాత్రం ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సరిహద్దు దాటితే జగ్గయ్యపేట. వ్యాపారం అటువైపు మళ్లి ఆఫీసును ఆంధ్రప్రదేశ్‌కు మార్చాలంటే రాష్ట్రం మారినట్టే. అప్పుడు ప్రాంతీయ డైరెక్టరు అనుమతి కావాలి, అప్పులిచ్చినవారి అభ్యంతరాలు వినాలి. ఉద్దేశాల కింద బియ్యం మిల్లింగుతో పాటు తవుడు, నూక అమ్మకం, ఊకతో ఆవిరి లేదా విద్యుత్తు తయారీ, గోదాముల అద్దె వంటి నిజంగా చేయబోయే పనులు రాసుకోవాలి. దరఖాస్తులో అడిగే పరిశ్రమ సంకేతం రైస్ మిల్లింగుకు 10612. అధీకృత మూలధనం 15 లక్షలు దాటకపోతే కేంద్రానికి నమోదు రుసుము లేదు. రాష్ట్ర స్టాంపు డ్యూటీ ఉంటుంది. తెలంగాణలో మెమొరాండానికి 500 రూపాయలు, ఆర్టికల్స్‌కు అధీకృత మూలధనంలో 0.15 శాతం, కనీసం వెయ్యి. 10 లక్షల మూలధనానికి ఆర్టికల్స్ మీద పడేది 1,500 రూపాయలు. మొత్తం మిల్లు ఖర్చులో ఇది లెక్కలోకి రాదు. ఈ కాగితాన్ని తేలిగ్గా తీసుకోవడానికి దాని చౌకదనం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఆర్టికల్స్‌కు చట్టమే ఒక నమూనా ఇచ్చింది. మొదటి షెడ్యూలులోని టేబుల్ ఎఫ్ అది. ఎలక్ట్రానిక్ ఫారంలో ఆ నమూనా ముందే ఉంటుంది, కావాల్సిన చోట మార్చుకునే వీలుంటుంది. మార్చకుండా ఒప్పుకుంటే అరగంటలో పని అయిపోతుంది. అలా చేస్తే ఏమవుతుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. మిర్యాలగూడలో రెండు కుటుంబాలు ఉప్పుడు బియ్యం మిల్లు కోసం కంపెనీ పెట్టాయి. మూలధనం 10 లక్షలు, పది రూపాయల వాటాలు లక్ష. చెరి 50 వేల వాటాలు. ప్రతి కుటుంబం నుంచి ఇంటిపెద్ద ఒక్కరు, మొత్తం ఇద్దరు డైరెక్టర్లు. ధాన్యం కొనుగోలు ఒకరు చూస్తారు, బ్యాంకు, అమ్మకం ఇంకొకరు చూస్తారు. ఆర్టికల్స్ టేబుల్ ఎఫ్ ప్రకారమే.

మొదటి సమస్య ఇద్దరూ బతికుండగానే వస్తుంది. బోర్డు సమావేశానికి కోరం మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు లేదా ఇద్దరు, ఏది ఎక్కువైతే అది. ఇద్దరే ఉన్న బోర్డులో ఒకరు రాకపోతే సమావేశమే జరగదు. వాయిదా పడిన సమావేశానికీ ఇదే కోరం. బ్యాంకు లిమిటు పెంచాలన్నా, కొత్త బాయిలర్ కొనాలన్నా, ఒకరు ఇంట్లో కూర్చుంటే చాలు కంపెనీ నిలిచిపోతుంది. ఇద్దరూ వచ్చి చెరో మాట అన్నారనుకుందాం. ఓట్లు సమానమైతే అధ్యక్షుడికి రెండో ఓటు ఉంటుందని టేబుల్ ఎఫ్ చెబుతుంది. మొదటి సమావేశంలో పెద్దవాడని గౌరవంతో ఎవరిని కుర్చీలో కూర్చోబెడితే, సమాన వాటాల కంపెనీలో బోర్డు నిర్ణయాలన్నీ ఆయనవే అవుతాయి. గౌరవం కోసం ఇచ్చిన కుర్చీలో ఓటు కూడా ఉందని రెండో కుటుంబానికి వివాదం వచ్చాకే తెలుస్తుంది.

రెండో సమస్య ఇంకా తీవ్రం. మొదటి కుటుంబపు పెద్ద హఠాత్తుగా చనిపోయాడు. బోర్డులో ఒక్కరే మిగిలారు. కోరం కన్నా సంఖ్య తగ్గినప్పుడు మిగిలిన డైరెక్టరు రెండే పనులు చేయవచ్చని టేబుల్ ఎఫ్ అంటుంది: కోరానికి సరిపడా డైరెక్టర్లను చేర్చుకోవడం, లేదా సర్వసభ్య సమావేశం పిలవడం. ఆయన తన కొడుకును చేర్చుకున్నాడు. అందులో చట్ట విరుద్ధం ఏమీ లేదు. ఇప్పుడు బోర్డంతా ఒకే కుటుంబానిది. చనిపోయిన ఆయన భార్యాపిల్లలు వాటాలు తమ పేరున రాయించుకోవాలి. నామినీ పేరు రాసి ఉన్నా నామినీ పూర్తి యజమాని కాడని, వారసత్వ చట్టం ప్రకారమే హక్కు తేలుతుందని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో చెప్పింది. వారసుల మధ్య తేలేదాకా నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో ఒక సీజను ధాన్యం కొనుగోలు, బ్యాంకు సంతకాలు, పాత బకాయిల వసూళ్లు అన్నీ రెండో కుటుంబం చేతిలోనే జరిగిపోతాయి. ఆ వారసులు సగం కంపెనీకి హక్కుదారులే, కానీ బోర్డులో వాళ్ల తరఫున మాట్లాడేవారు ఒక్కరూ లేరు.

మూడోది వాటాల అమ్మకం. వాటా అమ్మాలనుకుంటే ముందు మనవాళ్లకే ఇవ్వాలి, రెండు వైపులా ఎప్పుడూ సమానంగానే ఉండాలి అని కుటుంబాలు మాట అనుకుంటాయి. ఈ మాట విలువ ఎంతో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన వి.బి. రంగరాజ్ వర్సెస్ వి.బి. గోపాలకృష్ణన్ కేసు చెబుతుంది. ఒక కుటుంబ ప్రైవేటు కంపెనీలో మొత్తం 50 వాటాలు, ఇద్దరు అన్నదమ్ముల శాఖలకు చెరి 25. ఎవరు అమ్మినా ముందు తమ శాఖవారికే ఇవ్వాలని 1951లో నోటిమాటగా ఒప్పందం జరిగిందని వాదన. తర్వాతి తరంలో ఒకరు అవతలి శాఖకు వాటాలు అమ్మారు. సమతూకం పోయింది. 1991 నవంబరులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, ఆర్టికల్స్‌లో లేని ఆంక్ష కంపెనీని గానీ వాటాదారులను గానీ కట్టిపడేయదని స్పష్టం చేసింది. ఆ మాట కాగితంలో లేదు కనుక నిలవలేదు. మన మూడు పట్టణాల్లోని భాగస్వామ్య సంప్రదాయానికి ఇంతకన్నా సూటిగా వర్తించే తీర్పు ఇంకొకటి లేదు. పూర్తిగా డబ్బు కట్టిన వాటాలను ఇతరులకు అమ్ముకోకుండా టేబుల్ ఎఫ్ దానంతటది పెద్దగా ఆపదు. ముందు ఎవరికి చూపాలి, ధర ఎవరు కట్టాలి, ఎన్ని రోజుల్లో డబ్బు ఇవ్వాలి అన్నవి మనమే రాసుకోవాలి.

ఇలా సొంతంగా రాసుకోవాలనే మాటకు మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది, ప్రభుత్వమే ఇచ్చిన నమూనాలో లోపం ఎలా ఉంటుందని. టేబుల్ ఎఫ్‌లో లోపం లేదు. వాటాల ద్వారా పరిమిత బాధ్యత ఉన్న ఏ కంపెనీకైనా సరిపోవాలని రాసిన పాఠం అది, సమాన వాటాల రెండు కుటుంబాల కోసం రాసింది కాదు. ఒక కుటుంబానికి 80 శాతం ఉన్న కంపెనీకి అది బాగానే పనిచేస్తుంది. రెండోది, అవసరమైనప్పుడు సవరించుకోవచ్చు కదా అని. సవరణకు ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే అనుకూల ఓట్లు ప్రతికూల ఓట్లకు మూడు రెట్లు ఉండాలి. సగం సగం వాటాలున్నప్పుడు రెండో పక్షం ఒప్పుకుంటేనే సవరణ. వివాదం వచ్చాక ఎవరు ఒప్పుకుంటారు? సవరణ సాధ్యమయ్యే కాలంలో అవసరం కనిపించదు, అవసరం కనిపించే కాలంలో సవరణ సాధ్యం కాదు. మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది, మానవీయమైనది కూడా: మొదలుపెట్టేటప్పుడే చావుల గురించీ విడిపోవడాల గురించీ మాట్లాడితే నమ్మకం దెబ్బతింటుంది. నిజమే, ఆ సంభాషణ కష్టం. కానీ ఆ రోజున రెండు కుటుంబాల్లో ఎవరు ముందు చనిపోతారో, ఎవరు ముందు అమ్ముకుంటారో ఎవరికీ తెలియదు. రేపు తాను ఏ వైపు ఉంటానో తెలియని మనిషే న్యాయమైన నియమం రాయగలడు. అది తెలిసిపోయాక ప్రతి వాక్యమూ ఎవరో ఒకరికి అనుకూలంగానే కనిపిస్తుంది.

పై ఉదాహరణలోని కుటుంబాలు ఏం రాసుకుని ఉండాల్సింది? నాలుగు వాక్యాలు చాలు. 25 శాతానికి తగ్గకుండా వాటా ఉన్న ప్రతి కుటుంబానికీ ఒక డైరెక్టరును సూచించే హక్కు ఉంటుంది, ఆ స్థానం ఖాళీ అయితే ఆ కుటుంబం సూచించినవారితోనే నింపాలి, అంతవరకు వేరే డైరెక్టరును చేర్చకూడదు. అధ్యక్షుడికి రెండో ఓటు ఉండదు. ప్రతిష్టంభన వస్తే ఇద్దరూ ముందే ఒప్పుకున్న మూడో వ్యక్తి ముందుకు విషయం వెళ్తుంది. వాటా అమ్మదలచినవారు ముందు తమ కుటుంబానికి, తర్వాత రెండో కుటుంబానికి చూపాలి, ధరను కంపెనీ ఆడిటరు కాని ఒక నమోదిత వాల్యూయర్ నిర్ణయిస్తారు. వీటిని మామూలు ప్రత్యేక తీర్మానంతో కూడా మార్చడానికి వీల్లేకుండా, సభ్యులందరి సమ్మతి ఉంటేనే మారేలా కట్టుదిట్టం చేసుకోవచ్చు. 5వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. కంపెనీ పుట్టుకతోనే అలా పెట్టుకుంటే నమోదు ఫారంలోనే ఆ సంగతి తెలపాలి. సమాన పక్షాలున్నప్పుడు అతిగా బిగిస్తే నష్టమూ ఉంది. ప్రతి చిన్న నిర్ణయానికీ ఇద్దరి సమ్మతి అని రాసుకుంటే మనమే కొత్త ప్రతిష్టంభన తయారుచేసుకున్నట్టు. కాబట్టి కట్టుదిట్టం డైరెక్టర్ల స్థానాలకు, వాటాల బదిలీకి, మిల్లు అమ్మకానికి, కొత్త వాటాల జారీకి పరిమితం చేసి, రోజువారీ ధాన్యం కొనుగోలును ఒక మొత్తం దాకా ఒక్కరి సంతకానికి వదిలేయడం మేలు.

దాఖలు సమయంలో తొలి వాటాదారులూ డైరెక్టర్లూ INC-9 ప్రకటన ఇస్తారు. చార్టర్డ్ అకౌంటెంటో కంపెనీ సెక్రటరీయో న్యాయవాదో కాస్ట్ అకౌంటెంటో పత్రాలు సరిగ్గా ఉన్నాయని ధ్రువీకరిస్తారు. 1956 నాటి చట్టంలో నమోదు సర్టిఫికెట్ తిరుగులేని సాక్ష్యం. 2013 చట్టంలో అలా లేదు. తప్పుడు సమాచారంతో కంపెనీ పెట్టారని తేలితే 7వ సెక్షన్ కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ సభ్యుల బాధ్యతను అపరిమితం చేయవచ్చు, కంపెనీనే మూసేయమనవచ్చు. అద్దె లేకుండా బంధువు ఇంటి చిరునామా రిజిస్టర్డ్ ఆఫీసుగా చూపితే తప్పు కాదు, ఇంటి యజమాని సమ్మతి పత్రం, రెండు నెలల్లోపు కరెంటు బిల్లు ఉంటే చాలు. కానీ అక్కడికి వచ్చిన నోటీసు తీసుకునేవారు నిజంగా ఉండాలి. సర్టిఫికెట్‌తో పాటే పాన్, టాన్ వస్తాయి. తర్వాత ప్రతి వాటాదారూ తన వాటా డబ్బు కంపెనీ ఖాతాలో వేసి, 180 రోజుల్లో INC-20A దాఖలు చేయాలి. అది లేకుండా కంపెనీ వ్యాపారం మొదలుపెట్టకూడదు, అప్పు తీసుకోకూడదు.

ఇక్కడికి వచ్చేసరికి పని వరస తలకిందులు కావాలన్నది తేలుతుంది. ఫారంలో ముందు పేరు అడుగుతారు, తర్వాత డైరెక్టర్లు, చివర ఆర్టికల్స్. పేరు ఆమోదమైన రోజు నుంచి 20 రోజుల గడియారం నడుస్తుంది కనుక, ఆ గడువులో ఆర్టికల్స్ మీద చర్చ మొదలుపెడితే టేబుల్ ఎఫ్‌కే సంతకాలు పడతాయి. కోదాడ నుంచి డల్లాస్‌కు వెళ్లిన కొడుకు అపోస్టిల్ కోసం తిరుగుతూ ఉంటే అసలే సమయం ఉండదు. వానాకాలం ధాన్యం అక్టోబరు, నవంబరుల్లో మిల్లులకు వస్తుంది. దానికోసం బ్యాంకు లిమిటు కంపెనీ పేరున కావాలంటే సెప్టెంబరుకల్లా INC-20A పూర్తయి ఉండాలి, ఆగస్టులో సర్టిఫికెట్ చేతికి రావాలి, జులైలో పేరు దరఖాస్తు పెట్టాలి. అంటే రెండు కుటుంబాలూ కూర్చుని ఆ నాలుగు వాక్యాలు రాసుకోవడానికీ, ఆధార్, పాన్ పేర్లు సరిచూసుకోవడానికీ ఉన్న సమయం యాసంగి కోతలు ముగిసిన మే, జూన్ నెలలు.